ఫోటోలో మిగిలిన చెయ్యి

రేపు పెద్దకర్మ. పురోహితుడు వచ్చి కూర్చుని, ఫోటో సిద్ధం చేశారా అని అడిగేదాకా ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు, పోయిన మనిషికి సరైన ఫోటో ఒక్కటీ లేదని. ఆధార్ కార్డులో ఉన్నది దండ వేసి పెట్టేలా లేదు. కొడుకు ట్రంకు పెట్టె అడుగుదాకా వెతికితే ఎప్పటిదో పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటో దొరుకుతుంది. అందులో నాన్న నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఆయన భుజం మీద ఒక చెయ్యి ఉంది. అది బాబాయిది. అన్నదమ్ములిద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. కొడుకు ఆ ఫోటో పట్టుకుని టౌన్లో స్టూడియోకి వెళ్తాడు. స్టూడియో ఆయన నాన్న బొమ్మను పక్కవాళ్ళ నుంచి వేరుచేసి, కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి, అడుగుతాడు: "ఈ చెయ్యి తీసెయ్యమంటారా?"

నా దగ్గర ఎడిటింగ్ నేర్చుకునే ఒక అమ్మాయి తీసిన పొట్టి సినిమా కథ ఇది. తెనాలి దగ్గర తన సొంత ఊళ్ళో నాలుగు రోజుల్లో తీసుకొచ్చింది. ఎడిట్ చేస్తే సరిగ్గా ఇరవై నిమిషాలు వచ్చింది. ఆమె పంపాలనుకున్న పోటీలో మాత్రం టైటిళ్ళతో కలిపి పది నిమిషాలు దాటకూడదన్నారు. ఇలాంటి హద్దులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. కాన్స్‌లో పొట్టి సినిమాల పోటీకి పదిహేను నిమిషాలు హద్దు, ఆస్కార్‌కు నలభై. పది అంటే నిజంగానే ఇరుకు. గడువు ఇంకా పన్నెండు రోజులే ఉంది.

మొదటిరోజు ఆమె నన్ను అడిగింది ఒక్కటే. "ప్రతి సీనూ సగానికి తెగ్గోస్తే సరిపోతుంది కదా సర్?"

చేసి చూడమన్నాను. చేయకుండా చెబితే ఆ సంగతి ఎవరికీ నమ్మకం కుదరదు.

మూడు రాత్రులు కూర్చుని ఆమె చేసిన పనిని మేం ట్రిమ్మింగ్ అంటాం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ప్రతి షాటు మొదట్లోనూ చివర్లోనూ అవసరానికి మించి కొన్ని ఫ్రేములు మిగిలి ఉంటాయి. మనిషి తలుపు తోసుకుని వచ్చేదాకా ఖాళీ గుమ్మం కనబడుతుంది, మాట అయిపోయాక మొహం ఇంకో సెకను నిలుస్తుంది, గ్లాసు అందుకోవడం, తాగడం, కింద పెట్టడం మూడూ ఉంటాయి. అవన్నీ గీకుతూ పోతే నిడివి తగ్గుతుంది. కథలో ఏమీ పోదు. ఇరవై నిమిషాల సినిమా అలా 14 నిమిషాల 20 సెకన్లకు దిగింది. అక్కడ ఆగిపోయింది. ఇంకో పది సెకన్లు తీయబోతే మాట మింగుడు పడకముందే ఇంకో మాట మొదలవుతోంది.

అది ఆమె చేతకానితనం కాదు. 'అపోకలిప్స్ నౌ' ఎడిటర్లలో ఒకరైన వాల్టర్ మర్చ్ ఈ గోడ గురించే చెబుతాడు. మొదట అతికించిన సినిమాలో ముప్పై శాతం దాకా ఇలా బిగించి తగ్గించవచ్చు, అది దాటాలంటే ఇక అవయవాలనే తీసేయాలి అన్నది ఆయన అనుభవం. మా అమ్మాయి ఆ లెక్క తెలియకుండానే ఇరవై ఎనిమిది శాతం దగ్గర గోడకు తగిలింది.

అయితే 14:20 సినిమా చూస్తే ఒక వింత తెలిసింది. అది ఇరవై నిమిషాల దానికన్నా పొడుగ్గా అనిపించింది! క్లాసులో ముగ్గురు ఫోన్లు తీశారు. దానికి కారణం ఉంది. ఊపిరి తీసుకునే చోట్లన్నీ పోయాయి, చెప్పాల్సిన సంగతులు మాత్రం అన్నీ అలాగే ఉన్నాయి. చూసేవాడి బుర్ర మీద బరువు తగ్గలేదు, దాన్ని మోయడానికి ఇచ్చిన సమయం తగ్గింది. సినిమా వేగంగా పోతోంది గానీ మనసుకు ఏదీ తగలడం లేదంటే, ట్రిమ్మింగ్ తన హద్దు దాటిందని గుర్తు.

అప్పుడు కంప్యూటర్ ఆపేయించాను. తొమ్మిది అట్టముక్కలు తెచ్చి, ఒక్కోదాని మీద ఒక్కో సీను పేరు, అసలు ఇరవై నిమిషాల్లో దాని నిడివి రాసి నేల మీద పరవమన్నాను. ఊరి తెల్లవారు, నిమిషం నలభై సెకన్లు. ఇంట్లో పురోహితుడూ బంధువులూ, మూడు నిమిషాల పది. ట్రంకు పెట్టె, రెండు ఇరవై. పొలం గట్టు మీద అన్నదమ్ముల గొడవ, అంటే ఫ్లాష్‌బ్యాక్, మూడున్నర. బైకు మీద టౌనుకు, ఒకటి ఇరవై. టీ కొట్టు దగ్గర స్నేహితుడితో మాటలు, ఒకటిన్నర. స్టూడియో, నాలుగు. పెద్దకర్మ రోజు, రెండు. టైటిళ్ళు, అర నిమిషం.

"ఇందులో ఏ ముక్క తీస్తే సినిమా చచ్చిపోతుంది?" అని అడిగాను.

ఆమె చాలాసేపు ఆలోచించి స్టూడియో అట్టను మాత్రం పక్కకు జరిపింది. కాసేపయ్యాక పెద్దకర్మ అట్టను దాని పక్కన పెట్టింది. తీసెయ్యమంటారా అని అడగడం, తీయించకపోవడం, ఆ చేతితోనే ఉన్న ఫోటో ముందు మర్నాడు బాబాయి వచ్చి నిలబడటం. సినిమా అంతా అదే. మిగతా ఏడు అట్టలూ ఆ రెండింటికి ఏం పని చేస్తున్నాయో చూడాలి. ఈ చూపు ఒక్కటి వచ్చాక సగం చేయడమన్న మాటకే అర్థం మారిపోయింది. అన్ని సీన్లనూ సమానంగా కోయక్కర్లేదు. కొన్ని మొత్తం పోతాయి, కొన్ని ముప్పావు వంతు పోతాయి, ఒకటి రెండు పెరగవచ్చు కూడా.

బైకు ప్రయాణం గంటలో పోయింది. ట్రంకు పెట్టె ముందు కొడుకు కూర్చుని ఫోటో చూస్తుండగానే స్టూడియోలోని ప్రింటర్ చప్పుడు మొదలవుతుంది. రెండు సెకన్ల తర్వాత గానీ స్టూడియో కనబడదు. రాబోయే చోటు శబ్దం ముందుగా వినిపించే ఈ పద్ధతిని జె-కట్ అంటారు, టైమ్‌లైన్ మీద ఆ అతుకు ఇంగ్లీషు జె అక్షరంలా ఉంటుంది కాబట్టి. చెవి ముందే టౌనుకు చేరిపోతే, రోడ్డు చూపలేదని కన్ను అడగదు.

ఫ్లాష్‌బ్యాక్ దగ్గర పని ఆగింది.

పొలం గట్టు మీద గొడవ సీను ఆ అమ్మాయికి ప్రాణం. నాలుగు రోజుల షూటింగులో ఒక రోజు దానికే పోయింది. డ్రోన్ అద్దెకు తెచ్చారు. వరి చేల మధ్య ఇద్దరు మనుషులు చెరోవైపు నడిచి వెళ్ళిపోయే షాటు పైనుంచి చూస్తే నిజంగా బాగుంది. కెమెరా పట్టిన కుర్రాడు ఆమె క్లాస్‌మేటే. ఫోన్ చేసి చెబితే, "అది లేకపోతే సినిమాలో నా పని ఏముంది?" అన్నాడట. అందులో తప్పు పట్టేదేమీ లేదు. ఎండలో నిలబడినవాడికి ఆ షాటు ఖరీదు తెలుసు. ఎడిటర్ మాత్రం ఆ ఖరీదును మరిచిపోవాలి. చూసేవాడి దగ్గర డ్రోన్ అద్దె రసీదు ఉండదు.

అందుకే ఆమెను ఇంకో రకంగా అడిగాను. ఆ మూడున్నర నిమిషాలు చూసేవాడికి ఏం చెబుతున్నాయి? రెండే సంగతులు. ఇద్దరికీ పొలం దగ్గర చెడింది. ఆరేళ్ళుగా మాటల్లేవు. ఆ రెండూ వేరే చోట ఎక్కడైనా దొరుకుతాయా అని రష్ అంతా, అంటే తీసిన ఫుటేజ్ అంతా, మళ్ళీ చూడమన్నాను. ఎడిటింగులో నాకు బాగా నచ్చే పని ఇదే. మొదటిసారి పనికిరావని పక్కన పెట్టిన షాట్లు కథ మారాక వేరేగా కనిపిస్తాయి.

అలాగే దొరికింది. ట్రంకు పెట్టెలో వెతికేటప్పుడు కొడుకు చెయ్యి పట్టాదారు పాసుపుస్తకాన్ని పక్కకు జరిపే షాటు ఒకటి ఉంది. రెండు సెకన్లుంటుంది. ఫ్లాష్‌బ్యాక్ పొలం సంగతి చెబుతోంది కదా అని మొదటి ఎడిట్‌లో దాన్ని వదిలేసింది. ఇంట్లో సీనులో మరొకటి దొరికింది. మేనత్త మెల్లగా అడుగుతుంది, "చిన్నోడికి కబురు పెట్టావా వదినా?" అమ్మ జవాబు చెప్పకుండా విస్తళ్ళు లెక్కపెడుతుంది. అది మొదటి ఎడిట్‌లోనూ ఉంది గానీ మూడు నిమిషాల మాటల మధ్య ఎవరి చెవినా పడలేదు. చుట్టూ ఉన్న మాటలన్నీ తీసేస్తే అదొక్కటే మిగిలింది. ఇప్పుడా సీను "ఫోటో ఉందా అమ్మా?" అన్న పురోహితుడి మాటతోనే మొదలై, అమ్మ విస్తళ్ళ మీద ముగుస్తుంది. మూడు నిమిషాల పది నుంచి ఒకటీ పదికి దిగింది.

దిగింది గానీ ఒక చిక్కు తెచ్చింది. తీసేటప్పుడు వంటింట్లో కుక్కర్ ఉంది. పురోహితుడి మాట మీద సగం విజిల్ ఉంటే, అతికించిన తర్వాతి మాట దగ్గర విజిల్ లేదు. అతుకు కళ్ళకు కనబడకపోయినా చెవికి దొరికిపోతుంది. ఇందుకే షూటింగులో సౌండ్ రికార్డు చేసేవాళ్ళు ప్రతి చోటా అందరినీ మాట్లాడొద్దని చెప్పి, ఆ గది నిశ్శబ్దాన్ని ఒక అర నిమిషం విడిగా పట్టుకుంటారు. దాన్నే రూమ్ టోన్ అంటారు. ఫ్యాను, దూరంగా రోడ్డు, గోడల మధ్య గాలి అన్నీ అందులో ఉంటాయి. అదృష్టం, వీళ్ళు పట్టుకున్నారు. విజిల్ లేని ఇంకో టేకులోంచి పురోహితుడి గొంతు తెచ్చి, ఆ మాట జరిగేటప్పుడు అమ్మ మొహం చూపించి, కింద రూమ్ టోన్ పరిచింది. పెదాలు కనబడవు కాబట్టి వేరే టేకు గొంతని ఎవరికీ తెలియదు.

ట్రంకు పెట్టె సీనుకు ఫ్రాన్స్‌లో దారి దొరికింది. 1960లో గొదార్ మొదటి సినిమా 'బ్రెత్‌లెస్' అనుకున్నదానికంటే చాలా పొడుగు వచ్చింది. ఆయన సీన్లు తీసేయకుండా, నడుస్తున్న షాటు మధ్యలోనే ముక్కలు కోసి అతికించేశాడు. మనిషి ఉన్నచోటే ఉంటాడు, తల మాత్రం ఒక్కసారి ఇటు నుంచి అటు గెంతుతుంది. దాన్నే జంప్ కట్ అన్నారు. మా అమ్మాయి పెట్టె సీనులో అలాగే చేసింది. మడత చీరలు, ఎల్ఐసి కాగితాలు, పాసుపుస్తకం, పాత శుభలేఖలు, ఒకదాని మీద ఒకటి గెంతుతూ వస్తాయి. వెతకడమంటే ఎలాగూ చేసిందే చేయడం కాబట్టి అక్కడ ఆ గెంతు అతికింది. ఉత్సాహంగా స్టూడియోలోనూ అదే చేసింది. అక్కడ ఘోరంగా దెబ్బతింది. కొడుకు తేల్చుకోలేక నలిగిపోతున్నప్పుడు కాలం గెంతితే అతని నలుగుబాటే మాయమైపోతుంది. మర్నాడు తనే తీసేసింది.

టీ కొట్టు తీసేశాక సినిమా తొమ్మిది నిమిషాల దగ్గరకు వచ్చింది. ఆమె మొహం వెలిగింది. ఇక కథ అసలు తెలియని వాళ్ళకు చూపించమన్నాను. చూపించాక "ఎలా ఉంది?" అని అడగొద్దని చెప్పాను. అలా అడిగితే మనవాళ్ళు మొహమాటానికి బాగుందనే అంటారు. "ఏం జరిగిందో మీరు చెప్పండి" అని అడగాలి. కృష్ణానగర్‌లో ఆమె అద్దెకున్న ఇంటి వాళ్ళను ముగ్గురిని కూర్చోబెట్టింది. ముగ్గురూ కథ బాగానే చెప్పారు. చివర్లో ఇంటి ఓనరు ఆవిడ అడిగింది, "ఆఖరున వచ్చి నిలబడ్డాయన ఎవరమ్మా?"

సినిమా కూలిపోయినట్టే. ఫ్లాష్‌బ్యాక్‌లో బాబాయి మొహం చూశాం, టీ కొట్టులో ఆయన గురించి విన్నాం. రెండూ పోయాక ముగింపులో వచ్చేది ఎవరో దారినపోయే మనిషి. చెయ్యి ఎవరిదో స్టూడియోలో కొడుకు చెబుతాడు గానీ, ఆ చేతికి మొహం లేదు. సినిమాను కుదించేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు ఇదే. తీసిన చోట నొప్పి తెలియదు. ఎక్కడో ఎనిమిది నిమిషాల దూరంలో, మనం ముట్టుకోని సీనులో బయటపడుతుంది. సినిమా మొత్తం నోటికి వచ్చిన దర్శకుడికి అది ఎప్పటికీ కనబడదు, ఆమె మనసులో ఫ్లాష్‌బ్యాక్ ఇంకా ఆడుతూనే ఉంటుంది.

కావలసింది బాబాయి మొహం, కొన్ని సెకన్లు. గ్రూపు ఫోటో దగ్గరగా ఉన్న షాటు ఒకటే ఉంది. అది సెకనున్నరకే కదిలిపోతుంది. దాన్ని ఆపి నిలిపితే, అంటే ఫ్రీజ్ చేస్తే, చేతి కెమెరా వణుకు ఒక్కసారి ఆగిపోయి బొమ్మ చచ్చినట్టు కనిపిస్తోంది. ఫోటో ఇంకా ఆమె బ్యాగులోనే ఉంది. కిటికీ పక్కన, షూటింగు రోజు లాంటి పొద్దుటి వెలుగులో, పాత ట్రంకు మూత మీద పెట్టి మళ్ళీ తీసింది. హీరో చేతికి నల్లతాడు ఉంది కాబట్టి తమ్ముడి మణికట్టుకు నల్లతాడు కట్టింది. బొటనవేలు నాన్న భుజం మీద మొదలై, ఆ చెయ్యి వెంబడి మెల్లగా పోయి, బాబాయి మొహం మీద ఆగుతుంది. ఆరు సెకన్లు. పనంతా అరగంటలో అయిపోయింది. ఆ ఆరు సెకన్లు చేర్చాక, ఐదు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్, టీ కొట్టు నిజంగా అక్కర్లేనివయ్యాయి.

ఇప్పుడు చేతిలో కొంత సమయం మిగిలింది. ఆమె దాన్ని ఖర్చు పెట్టిన చోటు చూసి నాకు చాలా సంతోషం కలిగింది. ఇరవై నిమిషాల సినిమాలో "తీసెయ్యమంటారా?" అన్న ప్రశ్నకూ జవాబుకూ మధ్య మూడు సెకన్లు ఉండేవి. గొడవ అంతా ముందే చూసేశాం కాబట్టి అక్కడ ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు తొమ్మిది సెకన్లు చేసింది. కొడుకు తెర వైపు చూస్తాడు. స్టూడియో ఆయన చెయ్యి మౌస్ మీద ఆగి ఉంటుంది. ఫ్యాను తిరుగుతుంది. తర్వాత కొడుకు "ఉండనీండి" అంటాడు. అంతే. పెద్దకర్మ సీనూ ఇరవై అయిదు సెకన్లు పెరిగింది. అందులో బాబాయి "అన్నయ్యా" అని ఏడ్చే షాటు తీసేసి, ఆయన ఫోటోలోని తన చేతిని చూస్తూ కుడి చేతిని తువ్వాలుతో తుడుచుకునే షాటు పెట్టింది. చేతులు కడుక్కుని భోజనానికి లేచే ముందు నటుడు ఊరికే చేసిన పని అది. 'కట్' అనే లోపు కెమెరాలో పడింది.

చివరి లెక్క ఇలా తేలింది. ఊరి తెల్లవారు పోయి, టెంట్ హౌస్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఒక్క షాటు పదిహేను సెకన్లు మిగిలింది. ఇల్లు ఒకటీ పది, పెట్టె ఒకటీ ఇరవై అయిదు, స్టూడియో నాలుగూ పది, పెద్దకర్మ రెండూ ఇరవై అయిదు. కిందికి జరుగుతూ పోయే టైటిళ్ళను రెండు కార్డులు చేస్తే ఇరవై సెకన్లు. మొత్తం 9:45. పాత రోజుల్లో అయితే 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి తొంభై అడుగులు నడిచేది. ఇరవై నిమిషాల సినిమాకు వెయ్యి అడుగుల రీళ్ళు రెండు కావాలి, దీనికి ఒక్క రీలు చాలు. మిగిలిన పదిహేను సెకన్లలో ఏదైనా పెడదామా అని అడిగాను. వద్దంది.

ఇరవై నిమిషాల టైమ్‌లైన్‌ను చెరపలేదు. ప్రతి దశలోనూ నకలు తీసుకుని ఆ నకలు మీదే కోసింది. ఎప్పుడైనా వెనక్కి వెళ్ళవచ్చన్న ధీమా లేకపోతే చెయ్యి ఆడదు. డ్రోన్ షాటు అందులో భద్రంగా ఉంది. కెమెరా కుర్రాడిని పిలిచి పది నిమిషాల సినిమాను లాక్ చేయకముందే చూపించింది. అతను ఏమీ అనకుండా చూశాడు. అయిపోయాక, ఆ తొమ్మిది సెకన్లలో కొడుకు మొహం మీద పడుతున్న మానిటర్ వెలుగు కొంచెం పచ్చగా ఉందని, కలర్ చేసేటప్పుడు తను పక్కన కూర్చుంటానని చెప్పాడు.

పంపడానికి ముందురోజు ఇంటి ఓనరు ఆవిడ చెల్లెలు ఊరి నుంచి వచ్చింది. ఆమె మొదటి ఎడిట్ గానీ రెండోది గానీ చూడలేదు. మా అమ్మాయి సినిమా వేసి, చివర్లో ఏం జరిగిందో చెప్పమంది. ఆవిడ కొడుకు గురించి, ఫోటో గురించి చెప్పింది. తర్వాత, "పాపం, ఆ అన్నదమ్ములకు పొలం గట్టు దగ్గర ఏదో మాటా మాటా వచ్చి ఉంటుందమ్మా, చెరో పక్కా వెళ్ళిపోయి ఉంటారు. ఇన్నేళ్ళ తర్వాత ఇదిగో, ఇలా కలిశారు" అంది.